తొలిచూలు దీవెన: కర్నూలు, కడప సీమలో

తొలిసారి కడుపుతో ఉన్న స్నేహితురాలికి తోటివాళ్లు చెప్పే మంచిమాటను తొలిచూలు దీవెన అనవచ్చు. పాత కర్నూలు, కడప జిల్లాల్లో, అంటే 2022లో కొత్త జిల్లాలు ఏర్పడకముందున్న మేరలో, ఈ మాట చెప్పే సందర్భాలు స్థిరపడి ఉన్నాయి. నెల తప్పిన కబురు తెలిసినప్పుడు, అయిదో నెలలోనో ఏడో నెలలోనో శ్రీమంతం చేసి ఒడి నింపినప్పుడు, కాన్పుకు పుట్టింటికి పోయేటప్పుడు, నెలలు నిండి ఎదురుచూసే రోజుల్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటారు. అనే మాటలు రెండు దారుల్లో నడుస్తాయి. ఒకటి పుట్టబోయే బిడ్డ గురించి: పండంటి కొడుకు పుట్టాల, తాత పోలికే రావాల, ఉగాదిలోపలే అయిపోవాల. రెండోది తల్లి గురించి: తల్లీబిడ్డ సుఖంగా వేరుపడాల, కడుపు చల్లగా ఉండాల. ఈ రెండో దారే సరైనదని ఈ వ్యాసం వాదన. ఏది జరిగినా అబద్ధం కాని మాటే, ఆమెను ఏ పరీక్షకూ కూర్చోబెట్టని మాటే దీవెన అవుతుంది. ఇది బయటినుంచి తెచ్చిపెట్టిన కొత్త మర్యాద కాదు. ఈ ప్రాంతపు ఆచారంలోనే దానికి పునాది ఉంది.

ఆ పునాది ముందు శ్రీమంతంలో కనిపిస్తుంది. గృహ్యసూత్రాలు రెండు వేరు కర్మలు చెప్పాయి. పుంసవనం మగబిడ్డ కోసం చేసేది. ఇప్పటి శ్రీమంతానికి మూలమైన సీమంతోన్నయనం గర్భిణి పాపట తీసే కర్మ. తెలుగు బ్రాహ్మణ కుటుంబాల్లో ఎక్కువమంది పాటించే ఆపస్తంబ సూత్రం ఈ రెండోదాన్ని తొలి గర్భంలో, నాలుగో నెలలో చేయమంటుంది. భర్త పచ్చి మేడికాయల గుత్తి, మూడు తెల్ల మచ్చలున్న ఏదుపంది ముల్లు, మూడు దర్భలు కలిపి పట్టుకుని భార్య పాపట పైకి తీస్తాడు. వీణ వాయించేవాళ్లను పాడమంటాడు. ఆ పాటలో తాము ఏ నది ఒడ్డున బతుకుతున్నారో ఆ నది పేరు చెప్పాలి. కర్నూలువాళ్లకు అది తుంగభద్ర, కడప వైపువాళ్లకు పెన్న. ఇక్కడ చేతి పని అంతా ఆమె తల మీద, ఆమె చెవికి సోకే పాట మీద నడుస్తుంది. గోభిల సూత్రంలో ముత్తైదువలు పక్కన కూర్చుని దీవించే ఘట్టం ఉంది. అందులో బతికిన బిడ్డకు తల్లివి కమ్మని ఒక మాట, వీరుడికి తల్లివి కమ్మని మరో మాట పక్కపక్కనే ఉన్నాయి. కాబట్టి పాత దీవెనల్లో కొడుకు మీద ఆశ లేదని చెప్పలేం. చెప్పగలిగింది ఇంతే: తల్లి క్షేమం కోరే మాట, బిడ్డ ఎవరో ముందే చెప్పే మాట అప్పటినుంచీ వేర్వేరుగా ఉన్నాయి, ఒకదాన్ని వదిలి రెండోదాన్ని ఎంచుకునే వీలు ఎప్పుడూ ఉంది.

శాస్త్రం తెలియని ఇళ్లలో జరిగే ఒడి నింపడం ఈ విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఏడో నెలలో ఆమెను పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, బొట్టు పెట్టి, పూలు ముడిచి, రెండు చేతులకూ పచ్చని మట్టిగాజులు తొడుగుతారు. చీరకొంగు పరిచిన ఒడిలో బియ్యం, పసుపు కొమ్ములు, వక్కాకు, టెంకాయ, బెల్లం, రవికగుడ్డ పోస్తారు. చలిమిడి, చిమ్మిలి, ఓళిగలు, చిత్రాన్నం లాంటివి ఇంటి శక్తిని బట్టి పెడతారు. కర్నూలు, కడప పట్టణాల్లోని ముస్లిం ఇళ్లలో ఏడో నెలలో చేసే సత్వాసాలో కూడా పూలు, కొత్త బట్టలు, ఒడిలో పండ్లు ఉంటాయి. వీటిలో ఒక్క వస్తువూ బిడ్డది కాదు. తొట్టిలి కొనరు, బిడ్డ బట్టలు కుట్టించరు, పేరు పెట్టరు. అవన్నీ పుట్టాకే, పురుడు వెళ్లాకే. కానుకలన్నీ తల్లి ఒంటికి, తల్లి నోటికి, తల్లి ఒడికి చేరతాయి. చేతులు ఇంత జాగ్రత్త పాటిస్తుంటే నోరు మాత్రం కొడుకు పుడతాడనో, ఫలానా వారంలో పుడతాడనో ముందుకు పరుగెత్తుతుంది. అదే పీట దగ్గర, అదే గడియలో ఈ రెండూ జరుగుతాయి.

ఆ ఆచారం ఎందుకంత జాగ్రత్తగా ఉందో తెలుసుకుంటే మాట కూడా ఎందుకు జాగ్రత్తగా ఉండాలో తెలుస్తుంది. గర్భం ఖాయమైందని తెలిసిన తర్వాత కూడా నూటికి 10 నుంచి 20 దాకా నిలవవు. అందులో ఎక్కువ భాగం మొదటి 12 వారాల్లోనే పోతాయి. వాటిలో సగానికి పైగా పిండంలోని క్రోమోజోముల తేడా వల్ల పోయేవే. తల్లి బిందె ఎత్తిందనో, గ్రహణం చూసిందనో కాదు. మూడో నెల దాటేదాకా బయటికి చెప్పకూడదన్న పెద్దల మాట దిష్టి పేరుతో వచ్చినా, అది కాపాడేది ఆమెనే. గర్భం పోతే ఊరంతటికీ జవాబు చెప్పుకునే అవస్థ తప్పుతుంది. ఇక ఆ కబురు ముందుగా విన్న స్నేహితురాలు వెంటనే బిడ్డ పేరు మీద, పోలికల మీద మాటలు పేర్చిందనుకోండి. తర్వాత ఏదైనా జరిగితే ఆ మాటలన్నీ ఆ తల్లి ఒంటరిగా మోయాల్సి వస్తుంది. ఆమె ఫోన్‌లో ఆ సందేశాలు అలాగే ఉంటాయి. నీకు ఎట్లుందని అడిగిన సందేశం మాత్రం అప్పుడు చదివినా గుచ్చుకోదు.

జోస్యాల సంగతికి వద్దాం. కడుపు ముందుకు పొడుచుకొస్తే కొడుకు, పక్కలకు పరుచుకుంటే కూతురు అంటారు. ముఖం కళ తప్పితే ఒకటి, మెరిస్తే ఒకటి అంటారు. బిడ్డ ఆడా మగా అన్నది తండ్రి వీర్యకణం తెచ్చే క్రోమోజోమును బట్టి గర్భం నిలిచిన క్షణంలోనే తేలిపోతుంది. కడుపు ఆకారం మాత్రం తల్లి ఎత్తు, బిడ్డ పడుకున్న తీరు, పొట్ట కండరాల బిగువును బట్టి ఉంటుంది. తొలిచూలులో కండరాలు ఇంకా సాగి ఉండవు గనుక కడుపు పైకి, బిగుతుగా కనిపించడం మామూలే. అయినా ఈ జోస్యాలు చావవు. ప్రతి నూరు మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది మగపిల్లలు పుడతారు కాబట్టి కళ్లు మూసుకుని చెప్పినా సగం సార్లు నిజమవుతుంది. నిజమైన సగాన్ని చెప్పినవాళ్లు పదేళ్లు గుర్తు చేస్తారు, తప్పిన సగాన్ని ఎవరూ ఎత్తరు. అడిగినవాళ్లకూ చెప్పినవాళ్లకూ ఇది కాలక్షేపం కావచ్చు. కొడుకు కోసం కళ్లు కాయలు కాచిన అత్తింట్లో ఆమె మాత్రం ప్రతి ముఖంలోనూ ఆ జవాబును వెతుక్కుంటూ కూర్చుంటుంది.

సరదాకి అనే మాటకు ఇంత బరువెందుకని అడిగేవాళ్లు ఉంటారు. కొన్ని ఇళ్లలో నిజంగానే అది సరదాయే, ఆ తల్లే నవ్వుతూ పందెం కాస్తుంది. ఆమె మొదలుపెడితే కలిసి నవ్వడంలో తప్పు లేదు. కానీ ఈ సరదా నడిచే నేల ఎలాంటిదో చూడాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరేళ్లలోపు పిల్లల్లో వెయ్యి మంది మగపిల్లలకు ఆడపిల్లలు 2001 జనాభా లెక్కల్లో 961 మంది ఉంటే, 2011 నాటికి 939కి తగ్గారు. లింగనిర్ధారణను నిషేధించే చట్టం 1994లో వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. స్కానింగు చేసేవాళ్లు మాటతోగానీ సైగతోగానీ మరే విధంగాగానీ బిడ్డ ఆడో మగో చెప్పకూడదని ఆ చట్టం అంటుంది. అందుకే కర్నూలులోనైనా ప్రొద్దుటూరులోనైనా ప్రతి స్కానింగు సెంటరు గోడ మీద ఆ బోర్డు ఉంటుంది. ఇరుగుపొరుగు జోస్యం ఆ చట్టం కిందికి రాదు, నిజమే. అయితే డాక్టరు గదిలో అడగకూడదని గోడ మీద రాసి ఉన్న ప్రశ్నను శ్రీమంతం పీట దగ్గర పాట పాడినట్టు అడుగుతూ పోతే, ఆ ప్రశ్నకు ఉన్న బరువు ఏమీ తగ్గదు. కూతురు పుట్టాక పోనీలే, మహాలక్ష్మి వచ్చిందని సముదాయించే మాట ఎక్కడినుంచి వస్తుందో ఆలోచించండి. ముందు కొడుకని చెప్పినందువల్లే తర్వాత సముదాయించాల్సి వస్తోంది.

రెండో అభ్యంతరం ఇంకా గట్టిది. పుత్రప్రాప్తిరస్తు అని నోరారా దీవించే అవ్వ మాటను తప్పుపట్టడం ఏమిటి, ఆమె ప్రేమ ఆ మాటలోనే కదా వస్తుంది అంటారు. ఒప్పుకోవాలి. ఎనభై ఏళ్ల మనిషి తనకు తెలిసిన మాటతోనే దీవిస్తుంది, కాళ్లకు మొక్కి ఆ చేయి తల మీద పెట్టించుకోవడమే మర్యాద. ఈ వ్యాసం ఆమెను సరిదిద్దమని చెప్పడం లేదు, స్నేహితురాలు ఆ మాటను పట్టుకోవద్దని చెబుతోంది. అవ్వకు వేరే మాట రాదు, ఈడు పిల్లకు వస్తుంది. పైగా పెద్దలు వాడే దీవెనల్లోనే బిడ్డ ఎవరో చెప్పనివి ఉన్నాయి. ఆయురారోగ్యాలు కోరే మాట, తల్లీబిడ్డల క్షేమం కోరే మాట పురోహితుడి నోటా, పొలం నుంచి వచ్చిన పెద్దమ్మ నోటా ఒకేలా వినిపిస్తాయి. కొత్త మాట పుట్టించక్కర్లేదు, ఉన్నవాటిలో ఏరుకుంటే చాలు.

నార్మల్ కాన్పు కావాలన్న దీవెన గురించి వేరుగా చెప్పుకోవాలి. మంచి మనసుతోనే అంటారు, కానీ ఎక్కువ నొప్పించేది అదే. సుఖప్రసవం అన్న పాత మాటకు అర్థం తల్లీబిడ్డ ప్రమాదం లేకుండా బయటపడటం. ఇంటి మంత్రసాని కాలంలో అది ప్రాణాల లెక్క. ఇప్పుడు నార్మల్ అన్నది కడుపు కోయకుండా కనడం అన్న ఒక్క అర్థంలో పడిపోయింది, అది తల్లి చేతకానితనానికో ఓర్పుకో కొలబద్దగా మారింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి. ఈ సంఖ్య ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువన్న విమర్శ న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాల్సింది ఆసుపత్రులు, ఆరోగ్య శాఖ. బల్ల మీద ఉన్న తల్లి కాదు. బిడ్డ అడ్డం తిరిగినా, మాయ కింద ఉన్నా, రక్తపోటు పెరిగినా కోత తప్పకపోవచ్చు. అప్పటిదాకా నార్మల్, నార్మల్ అని విన్న మనిషి ప్రాణాలతో బయటపడి కూడా ఓడిపోయానని ఏడుస్తుంది. పదిమందిలో నలుగురికి జరిగేదాన్ని జరగకూడదని దీవించడం అంటే ఆ నలుగురికి ముందే శాపం పెట్టినంత పని.

ఇప్పుడు ఒక ఉదాహరణను నెలల వారీగా నడిపి చూద్దాం. కర్నూలులో ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే ఒక అమ్మాయి, పుట్టిల్లు ప్రొద్దుటూరు, చివరి నెలసరి ఆగస్టు 3న వచ్చిందనుకుందాం. దానికి 280 రోజులు కలిపితే మే 10 వస్తుంది. డాక్టరు కార్డు మీద రాసేది ఆ తేదీనే. అక్టోబరు 26కు 12 వారాలు నిండుతాయి. ఆ లోపల ఆమె మనకు చెప్పిందంటే కబురుతో పాటు నమ్మకం కూడా ఇచ్చిందన్నమాట. అప్పుడు రాయాల్సింది చిన్నది: "మంచి మాట చెప్పినావు. నీకెట్లుందిమే? ఏమన్నా తింటాండావా? నువ్వు చెప్పేదాకా నా నోటినుంచి బయటికి పోదు." అందులో బిడ్డ లేదు, తేదీ లేదు, సలహా లేదు. ఫిబ్రవరి 15కు 28 వారాలు. ఒడి నింపేది ఆ చుట్టుపక్కల. ఆ రోజు చీటీలో రాయడానికి ఈ మాత్రం సరిపోతుంది: "కడమ నెలలు నీకు తేలిగ్గా గడవాల. తల్లీబిడ్డ సల్లగుండాల. ఎట్ల జరిగినా నేను నీ పక్కనుంటా." చివరి మాటలో ఎట్ల జరిగినా అన్నదే అసలు పని చేస్తుంది. ఆడా మగా, నార్మలా కోతా, ముందా ఆలస్యమా అన్నవన్నీ దానిలో ఇమిడిపోతాయి, వేటినీ పేరు పెట్టి పిలవక్కర్లేదు.

తర్వాత ఏప్రిల్ వస్తుంది. ఎండ 40 డిగ్రీలు దాటే నెల. ఆ వేడికి బరువైన ఒంటికి నిద్ర ఉండదు, నీళ్ల కటకట ఉన్న వీధిలో అయితే బిందెలు మోసేది ఎవరన్న చింత కూడా ఉంటుంది. ఏప్రిల్ 19కి 37 వారాలు, మే 24కు 42 వారాలు. ఈ అయిదు వారాల్లో ఎప్పుడు పుట్టినా నెలలు నిండినట్టే. కార్డు మీది తేదీకే సరిగ్గా పుట్టేవాళ్లు నూటికి అయిదుగురు కూడా ఉండరు. కానీ మే 11 పొద్దున్నుంచే ఫోన్లు మొదలవుతాయి: ఇంకా కాలేదా? ఒక్కొక్కరు ఒక్కసారే అడుగుతారు, ఆమె మాత్రం ఇరవైసార్లు జవాబు చెబుతుంది. తేదీ దాటాక ఎన్నాళ్లు ఆగాలి, నొప్పులు తెప్పించాలా అన్నది డాక్టరు చూసుకోవాల్సిన విషయం. స్నేహితురాలు పంపగలిగింది: "నిన్ను తలుసుకుంటాండా. జవాబియ్యాల్సిన పని లేదు." జవాబు అక్కర్లేదని రాయడం ఆ నెలలో పెద్ద సహాయం.

ఇలా బిడ్డ ఊసే ఎత్తకపోతే దీవెన చప్పగా, పరాయిగా ఉండదా అన్నది మూడో అభ్యంతరం. సంతోషం పంచుకోవడానికే కదా కబురు చెప్పింది అంటారు. సంతోషానికి ఆధారం జోస్యమే కానక్కర్లేదు. తొలిచూలు ఆడమనిషిని ఏం తినబుద్దయితాంది అని అడిగి అది చేసి పెట్టడం ఈ ప్రాంతంలో పాత మర్యాద. కర్నూలులో ఉన్న పిల్ల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అడగొచ్చు. బొరుగులు నీళ్లలో నానబెట్టి, నీరు పిండేసి, పుట్నాల పొడి చల్లి తాళింపు పెట్టడానికి పావుగంట చాలు. అది పట్టుకుని గడప తొక్కిన స్నేహితురాలు చెప్పే దీవెన ఏ మాటకూ తక్కువ కాదు. ఈ మర్యాదకు ఒక హద్దు ఉంది. ఆమె బలపాలు, సున్నం, మట్టి, పచ్చి బియ్యం తినబుద్దవుతోందని చెబితే అది ముచ్చటగా తీర్చే కోరిక కాదు. రక్తం తక్కువైనప్పుడు అలాంటి కోరికలు పుడతాయి. రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉందని అదే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. అప్పుడు చేయాల్సింది ఏఎన్‌ఎంకో డాక్టరుకో చెప్పమని మెల్లగా అనడం, కావాలంటే వెంట పోవడం. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి. ఆ రోజు బండి ఎక్కించుకుని పోతానని చెప్పడం సలహా కంటే మేలు.

సలహా గురించే చివరి చిక్కు. అనుభవం ఉన్నవాళ్లు చూస్తూ ఊరుకోవాలా అని అడగవచ్చు. తొలిచూలు మనిషికి సలహాలు కొదవ ఉండదు. బొప్పాయి ముట్టొద్దు, కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా పుడుతుంది, ఎడమ పక్కకే పడుకో అని పొద్దుగూకులూ వింటుంది. కుంకుమపువ్వుకు బిడ్డ రంగుతో ఏ సంబంధమూ లేదు. పైగా ఆ మాట నల్లగా పుడితే తప్పు నీదేనన్న బెదిరింపును మోసుకొస్తుంది. ఊరుకోకూడనివి కొన్ని మాత్రమే: రక్తం పోవడం, ఉమ్మనీరు పోవడం, తలనొప్పితో కళ్లు మసకబారడం, ముఖం ఉబ్బడం, బిడ్డ కదలిక తగ్గడం. వీటిలో ఏదైనా ఆమె నోట వస్తే దీవెనలు పక్కన పెట్టి 108కి ఫోన్ చేయాలి, లేదా దగ్గర్లోని ఆసుపత్రికి, అక్కడ కాదంటే కర్నూలు పెద్దాసుపత్రికో కడప రిమ్స్‌కో తీసుకుపోవాలి. మిగతా సమయంలో అడిగినప్పుడు చెప్పడమే చాలు.

ఆర్థిక స్థితిని బట్టి కూడా దీవెన అర్థం మారుతుంది. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు పల్లెల నుంచి వానలు లేని ఏడాది కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతకు గుడిసె వేసుకుని నెలల తరబడి ఉంటాయి. ఆ గుంపులో తొలిచూలు పిల్ల ఉంటే ఆమెకు ఊళ్లో అంగన్‌వాడీ అన్నం, ఆశా కార్యకర్త పలకరింపు, పుట్టింటి శ్రీమంతం అన్నీ ఒక్కసారిగా దూరమవుతాయి. 2018లో మొదలైన పోషణ్ కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో సామూహిక శ్రీమంతాలు చేస్తున్నారు. గాజులు తొడిగి, ఒడిలో పండ్లు, గుడ్లు, బెల్లం పెడతారు. ఊళ్లో ఉన్నవాళ్లకే అది అందుతుంది. వలస పోయే స్నేహితురాలికి నిజంగా పనికొచ్చే మాట, ఈ నెల నువ్వు పోవద్దు, మా ఇంట్లో ఉండు అన్నదే. దానికి బియ్యం ఖర్చు ఉంటుంది, అందుకే ఆ మాట ఊరికే ఎవరూ అనరు.

బిడ్డ పుట్టిన తర్వాత వచ్చే మొదటి ప్రశ్న కూడా ఈ దీవెనలో భాగమే. ఏం బిడ్డ అని కాకుండా ఆమె ఎట్లుంది అని అడగడం, ఆ ఇంటివాళ్లకు ఫోన్ చేసి మొదట తల్లి పేరు ఎత్తడం. ఆడో మగో వాళ్లే చెబుతారు. చెప్పినప్పుడు రెండింటికీ ఒకే మాట, ఒకే గొంతు ఉండాలి. చూడటానికి పోతే పావుగంట కూర్చుని లేవాలి. పోలికలు ఎవరివో తేల్చకుండా, పాలు పడ్డాయా అని నలుగురిలో అడగకుండా, తెచ్చిన సంగటి క్యారియరు వంటింట్లో పెట్టి, పోయినసారి ఖాళీ చేసిన గిన్నెలు తీసుకుని రావాలి.